మిషన్, విలువలు మీ కంపెనీకే సరిపోయేలా తిరగరాయడం ఎలా: ఒక రొయ్య పిల్లల హ్యాచరీ ఉదాహరణతో

మా కంపెనీ మిషన్, విలువలు తిరగరాసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ వాళ్లు అడిగారు, నెల్లూరు రైస్ మిల్లు వాళ్లు అడిగారు. వాళ్లు చూపించిన పాత వాక్యాలను పక్కపక్కన పెడితే ఏది రాయి అమ్మే వాళ్లదో, ఏది బియ్యం అమ్మే వాళ్లదో తెలియలేదు.

అందుకే ఈసారి ఒకే కంపెనీని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. నెల్లూరు తీరంలో వనామి రొయ్య పిల్లలు తయారుచేసి అమ్మే హ్యాచరీ అది. ఆ పనిలో నేను వాళ్లతో కూర్చున్నాను. పేరు చెప్పడం లేదు. మీ వ్యాపారం వేరైనా వరుస మాత్రం ఇదే.

వాళ్ల గేటు దగ్గర బోర్డు మీద ఉన్న పాత వాక్యం ఇది:

"నాణ్యత, నిజాయితీ, నవీనతలే ప్రాణంగా, ఆక్వా రంగంలో అగ్రగామిగా నిలిచి, రైతుల జీవితాల్లో వెలుగులు నింపడమే మా ధ్యేయం."

## 1. కూర్చునే ముందు

ఇది ఒక్క సాయంత్రంలో తేలే పని కాదు. రెండు పూటల సమావేశాలు, వాటి మధ్య రెండు వారాల విరామం పెట్టుకోండి. ఆ రెండు వారాల్లోనే అసలు సమాచారం బయటికొస్తుంది. సీజన్ మధ్యలో మాత్రం పెట్టుకోవద్దు. రాత్రంతా ప్యాకింగ్ చేసి వచ్చిన మనిషి తెల్లారి విలువల గురించి మాట్లాడలేడు.

ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. భాగస్వాములు మాత్రమే కూర్చుంటే మళ్లీ పాత వాక్యమే వస్తుంది. హ్యాచరీలో మేం పిలిచింది ఓనరు, టెక్నీషియన్, ల్యాబ్ అమ్మాయి, ప్యాకింగ్ సూపర్‌వైజర్, ఊళ్లు తిరిగే ఫీల్డ్ మనిషి, అకౌంట్స్ చూసే ఆయన. రైతుల తిట్లు రోజూ వినేది ఫీల్డ్ మనిషి. ఆయన లేకుండా మొదలుపెట్టొద్దు.

బల్ల మీద ఉండాల్సినవి:

- పాత వాక్యం, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టుగా
- గత 12 నెలల ఫిర్యాదుల పుస్తకం, లేదంటే ఫీల్డ్ మనిషి ఫోన్‌లోని వాట్సాప్ మెసేజ్‌లు
- వదులుకున్న ఆర్డర్లు, వెనక్కి ఇచ్చిన డబ్బు, పారబోసిన సరుకు లెక్కలు
- డిస్పాచ్ రిజిస్టరు
- మానేసి వెళ్లిపోయిన ముగ్గురు నలుగురు ఉద్యోగులు చెప్పిన కారణాలు

ఒక్క మాట. మిషన్ అంటే ఈరోజు ఎవరికి ఏం చేస్తున్నామన్నది. విజన్ అంటే ఎక్కడికి చేరాలనుకుంటున్నామన్నది. విలువలంటే ఒత్తిడి వచ్చినప్పుడు ఎలా నడుచుకుంటామన్నది. ఈ మూడింటినీ కలిపి ఒకే వాక్యంలో కుక్కడం వల్లే సగం చిక్కులు వస్తాయి. అలాగే కంపెనీ మెమోరాండంలో ఉండే ఆబ్జెక్ట్స్ క్లాజ్ వేరే సంగతి. అది చట్టం అడిగే కాగితం, ఈ పనితో దానికి సంబంధం లేదు. దాన్ని కదిలించొద్దు.

## 2. పాత వాక్యానికి మూడు పరీక్షలు

పేరు మార్పు. మీ కంపెనీ పేరు తీసేసి పక్క కంపెనీ పేరు పెట్టి చదవండి. ఎక్కడా తేడా కొట్టకపోతే ఆ వాక్యం మీది కాదు. హ్యాచరీ వాక్యంలో "ఆక్వా" అన్న ఒక్క మాట తీసేస్తే అది సిమెంటు కొట్టుకూ సరిపోయింది.

ఎదురు మాట. ప్రతి విలువనూ తిరగేసి చూడండి. "మేం నిజాయితీగా ఉండం" అని ఏ కంపెనీ అయినా రాసుకుంటుందా? రాసుకోదు. అంటే "నిజాయితీ" అన్న మాట ఒక్కటే మీ గురించి ఏమీ చెప్పడం లేదు. అదే "నగదుకే అమ్ముతాం, అప్పు ఇవ్వం" అన్నారనుకోండి, దానికి ఎదురుగా అప్పు మీదే వ్యాపారం చేసే మంచి కంపెనీలు కూడా ఉంటాయి. అప్పుడది మీరు ఎంచుకున్న దారి అవుతుంది.

నష్టం. ఈ విలువ వల్ల గత ఏడాది మనం ఏం పోగొట్టుకున్నాం? డబ్బో, ఆర్డరో, మనిషో. ఏమీ పోలేదంటే అది ఇంకా విలువ కాలేదు, గోడ మీద రాతగానే ఉంది.

అమెరికాలో ఎన్రాన్ కంపెనీ ప్రకటించుకున్న విలువలు నాలుగు: గౌరవం, నిజాయితీ, సంభాషణ, శ్రేష్ఠత. 2001లో అది లెక్కల మోసంతో దివాలా తీసింది. ఆ నాలుగు మాటలూ ఏ ఉద్యోగినీ ఏ రోజూ ఏ సంతకం దగ్గరా ఆపలేదు. మన వాక్యాన్నీ ఇదే ప్రశ్న అడగాలి: ఇది ఎవరిని, ఎప్పుడు, ఏ పని చేయకుండా ఆపుతుంది?

## 3. నిర్ణయాల పట్టిక

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. విలువల పేర్లు ముందుగా అడగొద్దు. అడిగితే అందరూ మంచి మాటలే చెబుతారు. జరిగిన సంగతులు అడగండి.

గత ఏడాదిలో తేల్చుకోలేక టెన్షన్ పడ్డ సందర్భాలను ఒక్కొక్కరూ రెండేసి రాయాలి. ఒక్కో సందర్భానికి ఐదు గళ్లు: ఎప్పుడు, ఏం జరిగింది, ఏం చేశాం, ఎంత ఖర్చయింది, ఎవరు వద్దన్నారు. చివరి గడి ఖాళీగా ఉంటే ఆ సందర్భం పనికిరాదు. ఎవరూ వద్దనని నిర్ణయంలో మన స్వభావం కనబడదు.

హ్యాచరీలో వచ్చిన పన్నెండింటిలో మూడు ఇవి.

మొదటిది. పది లక్షల పిల్లలున్న ట్యాంకు. ఆ రాత్రికే లోడింగు, రైతు అడ్వాన్సు కట్టేశాడు. సాయంత్రం పీసీఆర్ పరీక్షలో ఇహెచ్‌పీ అనే రొయ్య రోగానికి పాజిటివ్ వచ్చింది. ఇహెచ్‌పీ సోకిన పిల్ల వెంటనే చావదు. గుంటలో మేత తింటూనే ఉంటుంది గానీ ఎదగదు. కాబట్టి పంపినా ఆ రాత్రి ఎవరికీ తెలిసేది కాదు. మళ్లీ శాంపిల్ తీసి చూద్దామని అకౌంట్స్ ఆయన అన్నాడు. ఓనరు ఒప్పుకోలేదు. ట్యాంకులో క్లోరిన్ కలిపి పిల్లనంతా చంపి పారబోశారు. పిల్ల 35 పైసలు పలుకుతున్న రోజులవి, అంటే ఒక్క రాత్రిలో మూడున్నర లక్షలు పోయాయి.

రెండోది. లెక్క తక్కువ వచ్చిందని ఇందుకూరుపేట వైపు రైతు ఒకాయన గొడవ చేశాడు. ఒక బ్యాగు విప్పి లెక్కపెడితే ఆయన అన్నది నిజమే. తేడా వచ్చినంత పిల్లను మరుసటి లోడులో ఉచితంగా పంపారు. ఆ తర్వాత నుంచి రైతు తనకు నచ్చిన బ్యాగు చూపిస్తే, అక్కడే లెక్కపెట్టి, ఆ లెక్కతోనే బిల్లు వేస్తున్నారు.

మూడోది చెప్పేటప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఫీల్డ్ మనిషి చెప్పాడు: "అన్నా, ఎండాకాలం పంటకి పిల్ల కరువొచ్చినప్పుడు మంచి ట్యాంకు యాభై ఎకరాలాయనకి పోయింది. మూడెకరాల కౌలాయన మన దగ్గర ముందే చెప్పుకున్నాడు. ఆయన్ని వారం ఆగమన్నాం. నేనే పోయి చెప్పా, ఆయన మొహం చూళ్లేకపోయా."

ఇలాంటి సందర్భం ఒకటైనా రాకపోతే మీ పట్టిక పూర్తి కానట్టే. ఓనరు ముందు మాట్లాడటానికి జనం వెనకాడుతున్నారని అర్థం. అప్పుడు పేర్లు లేకుండా చీటీల మీద రాయించి, ఓనరు గదిలో లేనప్పుడు చదవండి.

## 4. మిషన్ వాక్యం: నాలుగు చిత్తుల్లో

నాలుగు ప్రశ్నలకు ముందు ముక్కలు ముక్కలుగా జవాబులు రాయండి. ఎవరికి? ఏం ఇస్తాం? మనం ప్రత్యేకంగా చేసే పని ఏది? పని జరిగిందని ఎలా తెలుస్తుంది?

మొదటి చిత్తు: "రొయ్య రైతులకు నాణ్యమైన పిల్లను అందిస్తాం." ఎవరికి అన్నది ఉంది గానీ చాలా వెడల్పుగా ఉంది. డిస్పాచ్ రిజిస్టరు తీసి చూస్తే లోడుల్లో ఎక్కువ భాగం పదెకరాల లోపు వాళ్లవే. చాలామంది కౌలుకు చేస్తున్నవాళ్లు, విడవలూరు నుంచి కొత్తపట్నం దాకా ఉన్న ఊళ్లవాళ్లు.

రెండో చిత్తు: "నెల్లూరు, ప్రకాశం తీరంలోని చిన్న రొయ్య రైతులకు రోగం లేని పిల్లను అందిస్తాం." ఇక్కడ టెక్నీషియన్ అడ్డుపడ్డాడు, ఆయన అన్నది సరైనదే. పీసీఆర్ నెగెటివ్ అంటే తీసిన శాంపిల్‌లో ఆ రోగకారకం దొరకలేదని మాత్రమే. ట్యాంకులోని ప్రతి పిల్లకూ అది పూచీ కాదు. పైగా పిల్ల గుంటలో దిగాక పీతల వల్లో, కాలవ నీళ్ల వల్లో వైట్ స్పాట్ రోగం రావచ్చు. "రోగం లేని" అన్న మాట మన చేతిలో లేనిదాన్ని మాటిస్తోంది. పరీక్ష చేసి ఆ కాగితం చేతికివ్వడం మన చేతిలో ఉంది.

మిషన్‌లో మన చేతిలో ఉన్నదే రాయాలి. "రైతుల జీవితాల్లో వెలుగులు" పోవాల్సింది ఇందుకే. రొయ్య రేటు, వాన, కరెంటు, గుంట అడుగు, ఇవేవీ హ్యాచరీ చేతిలో లేవు.

మూడో చిత్తులో ప్రత్యేకత కోసం వెతికాం. పరీక్ష మిగతావాళ్లూ చేస్తారు, లెక్కకు మించి ఉచితంగా వేసే బోనస్ పిల్ల మిగతావాళ్లూ ఇస్తారు. మరి రైతులు వీళ్ల దగ్గరికే మళ్లీ ఎందుకొస్తున్నారు? పది మంది పాత రైతులకు ఫోన్ చేసి అడగమన్నాం. ఎక్కువ మంది చెప్పింది ఉప్పదనం గురించి. హ్యాచరీ నీళ్లలో ఉప్పదనం 30 పీపీటీ దగ్గర, అంటే వెయ్యి పాళ్ల నీళ్లలో 30 పాళ్ల ఉప్పు దగ్గర ఉంటుంది. లోపలి ఊళ్లలో గుంట 8 పీపీటీ కూడా ఉండొచ్చు. పిల్లను ఒక్కసారిగా అందులో దించితే తట్టుకోలేదు. వీళ్లు రైతు గుంట నీళ్లు సీసాలో తెప్పించుకుని, కొలిచి, ట్యాంకులోనే రోజుకు కాస్త తగ్గిస్తూ అలవాటు చేసి పంపుతున్నారు. అది గొప్ప సంగతని వాళ్లకే తెలియదు, రోజూ చేసే పని కదా.

నాలుగో చిత్తు, ఇదే నిలిచింది:

"నెల్లూరు, ప్రకాశం తీరంలో పదెకరాల లోపు చేసే రొయ్య రైతుకు, ఆయన గుంట ఉప్పదనానికి అలవాటు చేసిన వనామి పిల్లను, పరీక్ష కాగితంతో సహా, చెప్పిన లెక్కకు చెప్పిన రోజున చేరుస్తాం."

దీన్ని గ్రానైట్ ఫ్యాక్టరీ వాడుకోలేదు. పక్క హ్యాచరీ కూడా వాడుకోవాలంటే ముందు సీసాలో నీళ్లు తెప్పించుకోవాలి.

వాక్యం పూర్తయ్యాక చూసుకోండి:

- ఎవరికోసమో ఊరు, రకం, సైజు ఏదో ఒకదానితో తెలుస్తోందా?
- కొలవగలిగినవి కనీసం రెండు ఉన్నాయా? (ఇక్కడ లెక్క, రోజు, కాగితం)
- మన చేతిలో లేని మాట ఏదైనా మిగిలిందా?
- ఒకే ఊపిరిలో చదవగలమా?

## 5. విలువలు: పేరు కాదు, వాక్యం రాయండి

ఒక్కో విలువ మూడు ముక్కలు: ఏం చేస్తాం, ఏ ఒత్తిడి వచ్చినా చేస్తాం, దానికి రుజువు ఎక్కడ దొరుకుతుంది. మూడు నుంచి ఐదు విలువలు చాలు. పట్టికలో సందర్భం లేనిదాన్ని రాయొద్దు.

రిపోర్టు లేని ట్యాంకు కదలదు. లారీ గేటు దగ్గర నిలబడి ఉన్నా, అడ్వాన్సు తీసుకున్నా సరే. పాజిటివ్ వస్తే రెండో శాంపిల్ కోసం చూడం, పారబోస్తాం. రుజువు: డిస్పాచ్ చీటీ మీద రిపోర్టు నంబరు, ల్యాబ్ అమ్మాయి సంతకం. ఆ సంతకం లేకుండా ఓనరు చెప్పినా సూపర్‌వైజర్ లోడు ఆపొచ్చు.

ఆఖరి వాక్యం కోసం గంటసేపు వాదించుకున్నారు. ఓనరును కూడా ఆపగలిగే అధికారం ఎవరికో ఒకరికి రాసివ్వకపోతే, ఆ విలువ ఓనరు మూడ్ మీద ఆధారపడుతుంది.

లెక్క రైతు ముందే. బ్యాగు ఆయనే చూపిస్తాడు. తక్కువొస్తే తక్కువకే బిల్లు. ఆలస్యమై డ్రైవరు తొందరపెట్టినా లెక్క మానం. రుజువు: బిల్లు మీద లెక్కపెట్టిన బ్యాగు నంబరు.

పేరు చూపించని మందు లోపలికి రాదు. నిషేధించిన యాంటీబయాటిక్‌ల ఆనవాళ్లు రొయ్యలో దొరికితే ఎగుమతి కంటైనర్లు వెనక్కి వస్తాయి. ఏజెంటు ఎంత తెలిసినవాడైనా, లేబుల్ మీద కలిసిన పదార్థాలు పూర్తిగా లేకపోతే స్టోరులో దించుకోం. రుజువు: స్టోరు రిజిస్టరులో అంటించిన లేబుల్ ఫొటో.

ఇక కౌలు రైతు సంగతి. "చిన్న రైతుకూ పెద్ద రైతుకూ ఒకే వరుస" అని రాద్దామని టెక్నీషియన్ అన్నాడు. మంచి మాటే, అయితే పట్టిక దాన్ని కాదంటోంది. అది రాసి బోర్డు కడితే ఫీల్డ్ మనిషి మిగతా మూడింటినీ కూడా నమ్మడు.

ఇలాంటప్పుడు దాన్ని కొట్టేయొద్దు, ఉన్నట్టు నటించొద్దు. వేరుగా "ఇంకా చేయలేకపోతున్నది" అని శీర్షిక పెట్టి, ఏం మారాలో, ఎవరి బాధ్యతో, ఏ సీజన్ నాటికో రాయండి. వాళ్లు ఇలా రాసుకున్నారు: "బుకింగు వరుస ప్రకారమే ట్యాంకులు కేటాయించాలి. ఇప్పుడు అలా జరగడం లేదు. వచ్చే ఎండాకాలం పంటకు బుకింగు పుస్తకంలో వరుస నంబరు వేస్తాం, దాన్ని మార్చాలంటే ఇద్దరి సంతకం కావాలి." ఈ కాగితం బోర్డు మీదికి వెళ్లలేదు. ఆఫీసులో అందరికీ కనిపించే చోట అంటించారు.

## 6. మాటలు సరిచూసుకోవడం

ముందు తెలుగులో రాయండి, అవసరమైతే తర్వాత ఇంగ్లీషులోకి మార్చండి. ఇంగ్లీషులో మొదలుపెడితే ఎక్సలెన్స్, ఇంటిగ్రిటీ వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. వాటిని తెలుగు చేస్తే "శ్రేష్ఠత" వస్తుంది, ఆ మాట మన ప్యాకింగ్ షెడ్డులో ఎవరూ అనరు.

చిత్తును రాత్రి షిఫ్టు వాళ్లకు పైకి చదివి వినిపించండి. "అర్థమైందా" అని అడగొద్దు, అందరూ అయిందంటారు. "రేపు రాత్రి దీనివల్ల నువ్వు వేరేగా చేసే పని ఏంటి?" అని అడగండి. జవాబు రాకపోతే ఆ వాక్యం తిరగరాయాలి. విలువల మొదటి చిత్తులో "లెక్కలో పారదర్శకత" అని ఉండేది. ప్యాకింగులో ఒకామె "అంటే కవరు లోపల కనిపించాలనా?" అని అడిగింది. ఆమె అడిగాకే అది "లెక్క రైతు ముందే" అయింది.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

అన్ని విలువలూ కావాలనడం. పదకొండు రాసుకొస్తారు. రెండు విలువలు ఒకదానితో ఒకటి పోట్లాడే సందర్భం ఊహించండి. "చెప్పిన రోజున చేరుస్తాం", "రిపోర్టు లేకుండా కదలదు", రిపోర్టు ఆలస్యమైతే ఏది గెలుస్తుంది? హ్యాచరీ వాళ్లు రిపోర్టే గెలుస్తుందని రాసుకున్నారు, ఆలస్యమైతే రైతుకు ఫోన్ చేయాల్సింది ఎవరో కూడా రాశారు. ఓడిపోయేవి తేలితే జాబితా దానంతటదే తగ్గుతుంది.

మరీ నియమాల పుస్తకంలా మారడం. చేతులు ఎన్నిసార్లు కడగాలో, గేటు ఎన్నింటికి మూయాలో వచ్చేస్తే అది పని పద్ధతి, వేరే ఫైలులో పెట్టండి. ఆశపడి దారి తప్పే అవకాశం ఉన్నచోటే విలువ కావాలి.

గ్యారంటీ మాటలు. "నూటికి తొంభై బతుకుతాయి" లాంటివి వద్దు. పంట పోయిన రోజు రైతు చేతిలో ఆ కాగితమే ఉంటుంది. బోర్డు మీదికి, బిల్లు మీదికి వెళ్లే వాక్యాలను మీ లాయరుకు ఒకసారి చూపించండి.

ఆరు నెలలకే పాతబడటం. వాక్యంలో రేట్లు, ట్యాంకుల సంఖ్య, మెషీన్ పేర్లు పెట్టొద్దు. అవి మారతాయి.

## 8. బోర్డు మార్చే ముందు, మార్చాక

బోర్డు ఆఖర్న మార్చండి. ముందు కాగితాలు మారాలి: డిస్పాచ్ చీటీ మీద రిపోర్టు నంబరుకు గడి, బిల్లు మీద బ్యాగు నంబరుకు గడి, స్టోరు రిజిస్టరులో లేబుల్‌కు చోటు. ఒక నెల ఈ గళ్లు నిండుతున్నాయో లేదో చూడండి. ఖాళీగా ఉంటే బోర్డు ఆపేయండి, ఎందుకు నిండలేదో వెతకండి. హ్యాచరీలో బ్యాగు నంబరు గడి మొదటి రెండు వారాలు ఖాళీగానే ఉంది. రాత్రి పూట లెక్కపెట్టే చోట లైటు సరిపోవడం లేదని తేలింది. ఒక ట్యూబ్‌లైటు, ఒక తెల్ల బేసిను పెట్టాక నిండడం మొదలైంది.

కొత్తగా తీసుకునేవాళ్లను కూడా పట్టికలోని సందర్భంతోనే అడగండి: "లారీ వచ్చేసింది, రిపోర్టు రాలేదు, రైతు అరుస్తున్నాడు. ఏం చేస్తావు?"

ప్రతి సీజన్ చివర గంటసేపు కూర్చుని మూడే ప్రశ్నలు వేసుకోండి:

- ఏ విలువ వల్ల ఏం పోగొట్టుకున్నాం? తేదీతో సహా
- ఏ విలువను ఎక్కడ తప్పాం, ఎవరు చూశారు?
- "ఇంకా చేయలేకపోతున్నది" కాగితంలో ఏది కదిలింది?

హ్యాచరీలో తర్వాతి ఎండాకాలం పంటకు బుకింగు పుస్తకంలో వరుస నంబర్లు వేశారు. మూడుచోట్ల వరుస మార్చారు. రెండింటికి ఇద్దరి సంతకాలు, పక్కన కారణం ఉన్నాయి. మూడోచోట ఒక్క సంతకమే ఉంది. సమావేశంలో ఫీల్డ్ మనిషి ఆ పేజీ తెరిచి ఓనరు ముందు పెట్టాడు. దాంతో ఆ కాగితం ఇంకో సీజన్ పాటు గోడ మీదే ఉండాలని అనుకున్నారు.